గద్ద, చిన్నారి ఫొటో.. మనం నమ్మిన కథలో నిజమెంత? ఒక క్యాప్షన్, ఒక క్రాప్ మన నమ్మకాన్ని ఎలా మార్చేస్తాయి?

2020 మే 28. లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లల్ని ఎత్తుకుని వందల కిలోమీటర్లు నడుస్తున్న రోజులు. సుప్రీంకోర్టులో ఆ విషయం మీదే విచారణ. ప్రభుత్వాన్ని తప్పుబడుతున్న వాళ్లకి జవాబుగా సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా కోర్టులో ఒక కథ చెప్పారు. కరువులో నేలకి ఒరిగిన చిన్నారి, వెనకాల కాచుకుని కూర్చున్న గద్ద, ఆ ఫొటో తీసి అవార్డు కొట్టిన ఫొటోగ్రాఫర్. 'అక్కడ ఉన్నది ఒక గద్ద కాదు, రెండు. రెండో దాని చేతిలో కెమెరా ఉంది' అని ఎవరో అతన్ని అన్నారట. అది తట్టుకోలేక అతను ప్రాణం తీసుకున్నాడట. కథ సారాంశం ఇది.

ఈ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్నదే. కోర్టులో చెప్పిన మాటలు ఆ ఫార్వర్డ్‌ని పోలి ఉన్నాయని ఫ్యాక్ట్ చెక్ సైట్లు వెంటనే ఎత్తి చూపాయి.

ఫొటో మాత్రం నిజమైనదే. కరువూ నిజమే. మరి తేడా ఎక్కడొచ్చింది? ఫొటో కింద రాసిన మాటల్లో, ఫొటో అంచుల బయట ఉండిపోయిన వాటిలో. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఆ ఫొటో ఎప్పటిది? ఎక్కడిది?

ఫొటో తీసింది దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ కెవిన్ కార్టర్. 1993 మార్చిలో తోటి ఫొటోగ్రాఫర్ జువావ్ సిల్వాతో కలిసి, ఐక్యరాజ్యసమితి ఆహారం మోసుకెళ్తున్న విమానంలో ఆయోద్ అనే ఊరికి వెళ్లాడు. అప్పుడది సూడాన్. 2011లో దేశం విడిపోయాక దక్షిణ సూడాన్‌లోకి వచ్చింది.

ఫొటోలో కనిపించేవి చాలా తక్కువ. ముందు భాగంలో ఎముకలు తేలిన ఒక పసిబిడ్డ, తల నేలకి ఆన్చి ముడుచుకుపోయి ఉంది. వెనక ఎండిన నేల మీద ఒక రాబందు. మన వాట్సాప్ కథల్లో దాన్నే గద్ద అంటున్నారు. ఇంకెవరూ లేరు. ఇల్లు లేదు, మనిషి లేడు.

1993 మార్చి 26న న్యూయార్క్ టైమ్స్ ఈ ఫొటోని అచ్చు వేసింది. కింద రెండు వాక్యాల క్యాప్షన్. ఆకలితో నీరసించిన ఒక చిన్న పాప ఆయోద్‌లోని ఆహార కేంద్రానికి వెళ్లే దారిలో కుప్పకూలిందని మొదటి వాక్యం. దగ్గర్లో ఒక రాబందు ఎదురు చూసిందని రెండోది.

ఈ రెండో వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. రాబందు అక్కడ 'ఉంది' అనడం వేరు, 'ఎదురు చూసింది' అనడం వేరు. మొదటిది కంటికి కనిపించేది. రెండోది ఆ పక్షి మనసులో ఏముందో చెప్పడం. కెమెరాకి దొరికేది సెకనులో చిన్న ముక్క మాత్రమే. అంతకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగబోతోంది అనేది అందులో ఉండదు. ఆ ఖాళీని ఈ ఒక్క క్రియ నింపేసింది. దాంతో చూసినవాళ్లందరి బుర్రలో ఒకటే ప్రశ్న: ఆ పాప ఏమైంది?

పాఠకుల నుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయంటే, నాలుగు రోజుల తర్వాత, మార్చి 30న పత్రిక ప్రత్యేకంగా ఒక వివరణ వేయాల్సి వచ్చింది. రాబందుని తరిమేశాక పాప కాస్త కోలుకుని మళ్లీ నడక మొదలుపెట్టిందని ఫొటోగ్రాఫర్ చెప్పాడని, కేంద్రానికి చేరిందో లేదో తెలియదని అందులో రాశారు. మొదటి క్యాప్షన్ ప్రపంచమంతా తిరిగింది. ఈ వివరణ అంత దూరం పోలేదు.

ఫ్రేమ్ బయట ఏముంది?

ఫొటో చూసిన ఎవరికైనా కలిగే భావం ఒకటే. ఎడారి లాంటి చోట పసిబిడ్డ ఒంటరిగా ఉంది, చుట్టుపక్కల ఎవరూ లేరు. కానీ అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లు తర్వాత చెప్పింది వేరు.

విమానం దిగగానే ఊళ్లో జనం ఆహారం తీసుకోవడానికి అటువైపు పరుగెత్తారని, ఆ కాసేపు పిల్లల్ని పక్కన వదిలారని సిల్వా చెప్పారు. అంటే ఆ బిడ్డ మనుషుల్లేని చోట పడిపోలేదు. పెద్దవాళ్లు, విమానం, ఆహారం పంచే చోటు అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. ఫ్రేమ్‌లో మాత్రం లేవు.

అదే ఆయోద్‌కి వెళ్లిన స్పెయిన్ ఫొటోగ్రాఫర్ లూయీస్ దావిల్లా ఇంకో సంగతి చెప్పారు. ఆహార కేంద్రం ఆవరణకి ఒక చివర చెత్త వేసే చోటు ఉండేది, జనం బహిర్భూమికి వెళ్లేదీ అక్కడికే. రాబందులు దానికోసమే వాలేవి. నీరసంగా ఉన్న పిల్లలు అక్కడికొచ్చి అలా ముందుకి వాలిపోయేవారు. టెలిఫొటో లెన్స్ పెడితే పిల్లలూ పక్షీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తారని, నిజానికి పక్షి 20 మీటర్ల దూరంలో ఉండొచ్చని ఆయన వివరణ.

టెలిఫొటో మాట అర్థం కావాలంటే క్రికెట్ గుర్తు తెచ్చుకోండి. టీవీలో బౌలర్ వెనక నుంచి చూపించే షాట్‌లో బౌలర్, బ్యాటర్ చాలా దగ్గర దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది. మధ్యలో ఉన్నది 22 గజాల పిచ్, అంటే 20 మీటర్లు. కెమెరా చాలా దూరంలో ఉండి జూమ్ చేయడం వల్ల ముందున్నది, వెనకున్నది ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇందులో మోసం ఏమీ లేదు. కెమెరాకీ వస్తువులకీ మధ్య దూరం వల్ల వచ్చే ఫలితం ఇది. కానీ ఆ సంగతి క్యాప్షన్‌లో లేకపోతే చూసేవాళ్లు పక్షి బిడ్డ వెనకే ఉందనుకుంటారు.

ఇక కార్టర్ అక్కడ ఎంతసేపు ఉన్నాడన్న దాని మీద రెండు కథనాలున్నాయి. పక్షి రెక్కలు విప్పుతుందేమోనని దాదాపు 20 నిమిషాలు ఎదురు చూశాడని, తర్వాత దాన్ని తరిమేశాడని 1994లో టైమ్ పత్రిక రాసింది. సిల్వా చెప్పిన దాంట్లో ఈ ఎదురుచూపు కనిపించదు. కొన్ని ఫొటోలు తీసి పక్షిని తరిమేశాడని మాత్రమే ఉంది. అయితే తరిమేశాడన్న విషయంలో రెండు కథనాలూ ఒకటే.

పాప కాదు, బాబు.. చనిపోలేదు, బతికాడు

ఇప్పుడు అసలు ట్విస్ట్. 2011లో స్పెయిన్ పత్రిక ఎల్ ముండో విలేకరి ఆయోద్ వెళ్లి ఆ బిడ్డ కోసం వెతికారు. ఊళ్లో దొరికిన కుటుంబం చెప్పిన ప్రకారం ఆ బిడ్డ ఆడపిల్ల కాదు, మగపిల్లాడు. ఆ కరువులో చనిపోలేదు. ఆహార కేంద్రం వాళ్ల సంరక్షణలో బతికి పెద్దవాడయ్యాడు. 2007 ప్రాంతంలో జ్వరంతో చనిపోయాడు.

దీనికి ఆధారం ఫొటోలోనే ఉంది. పెద్ద సైజులో, స్పష్టమైన ప్రింట్‌లో చూస్తే బిడ్డ కుడి చేతికి ఒక ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తుంది. ఆహార కేంద్రంలో పేరు నమోదైన వాళ్లకి కట్టే పట్టీ అది. దాని మీద ఇంగ్లిష్ అక్షరం టీ, అంకె 3 ఉన్నాయని ఎల్ ముండో రాసింది. టీ అంటే తీవ్ర పోషకాహార లోపం, 3 అంటే కేంద్రానికి వచ్చిన మూడో వ్యక్తి అని ఆ కథనం వివరించింది.

అంటే ఆ బిడ్డ ఆహార కేంద్రానికి చేరుకోలేక దారిలో కూలిపోయిన అనాథ కాకపోవచ్చు. అప్పటికే కేంద్రం లెక్కలో ఉన్న బిడ్డ. 18 ఏళ్ల పాటు కోట్లమంది చూసిన ఫొటోలోనే ఈ వివరం ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే క్యాప్షన్ చదివాక మన కళ్లు రెండింటినే వెతుకుతాయి. కూలిపోయిన పాప, ఎదురు చూస్తున్న పక్షి. మూడోదాని మీదకి చూపు పోదు.

మరి 'రెండో గద్ద' మాట ఎక్కడిది?

వాట్సాప్ కథలో చెప్పే ఆ సంభాషణ జరిగినట్టు ఆధారం ఏదీ లేదు. కానీ దాని మూలం ఎక్కడుందో చెప్పొచ్చు. 1994లో ఈ ఫొటోకి పులిట్జర్ బహుమతి వచ్చింది. అప్పట్లో అమెరికాలోని ఫ్లోరిడా పత్రిక ఒకటి కార్టర్‌ని తప్పుబడుతూ, బిడ్డ బాధని ఫ్రేమ్‌లో సరిగ్గా పట్టడం కోసం లెన్స్ సరిచేసుకునే మనిషి కూడా అక్కడున్న మరో రాబందు లాంటివాడేనన్న అర్థంలో రాసింది. ఆ విమర్శే కాలక్రమంలో ఎవరో ముఖం మీదే అన్న మాటగా మారింది.

కార్టర్ 1994 జులై 27న, 33 ఏళ్ల వయసులో చనిపోయాడు. కారణం ఈ ఒక్క ఫొటో తెచ్చిన అపరాధ భావమేనని ఫార్వర్డ్ చెబుతుంది. అతను వదిలి వెళ్లిన ఉత్తరంలో డబ్బు ఇబ్బందులు, ఏళ్ల తరబడి కళ్లారా చూసిన హత్యలు, శవాల జ్ఞాపకాలు ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో కాల్పుల్లో చనిపోయిన స్నేహితుడు కెన్ ఊస్టర్‌బ్రూక్ ప్రస్తావన కూడా ఉంది. ఒక మనిషి చావుకి ఒకే కారణం అంటగట్టి, దాన్ని నీతి కథగా మార్చేసింది ఆ ఫార్వర్డ్. అది కూడా ఒక రకంగా క్యాప్షనే. మొదటి క్యాప్షన్ బిడ్డ గురించి, ఇది ఫొటోగ్రాఫర్ గురించి.

ఫొటోలో కనిపించని యుద్ధం

ఇంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. ఈ ఫొటో చూసినవాళ్లలో చాలామంది వానల్లేక వచ్చిన కరువు అనుకుంటారు. ఎండిన నేల, రాబందు, ఎముకల గూడు లాంటి ఒళ్లు, అన్నీ ప్రకృతి చేసిన పనిలాగే కనిపిస్తాయి.

కానీ 1993లో ఆయోద్ చుట్టుపక్కల ఆకలికి అసలు కారణం యుద్ధం. దక్షిణ సూడాన్‌లో ప్రభుత్వంతో పోరాడుతున్న తిరుగుబాటు దళం 1991లో రెండుగా చీలింది. ఒక వర్గం జాన్ గరాంగ్‌ది, ఇంకోటి రియెక్ మచార్‌ది. రెండు వర్గాలూ ఒకరి మీద ఒకరు పడ్డాయి. ఊళ్లు తగలబెట్టారు, పశువులు తోలుకుపోయారు, జనం పంటలు వదిలి పారిపోయారు. ఆయోద్, వాట్, కొంగోర్ ఊళ్ల మధ్య ప్రాంతాన్ని సహాయ సంస్థలు 'ఆకలి త్రికోణం' అని పిలిచాయి.

ఫొటోలో ఒక్క తుపాకీ లేదు, ఒక్క సైనికుడు లేడు. క్యాప్షన్‌లోనూ ఆ ఊసు లేదు. వానలు పడక వచ్చిన కరువు అనుకున్నవాళ్లకి ఆహారం పంపితే చాలనిపిస్తుంది. మనుషులు తెచ్చిన కరువు అని తెలిస్తే 'ఎవరు చేశారు?' అని అడుగుతారు. క్యాప్షన్‌లో ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఈ రెండో ప్రశ్న చాలామంది దాకా రానేలేదు.

ఇప్పుడు తెలిసిన వాటితో అదే ఫొటోకి క్యాప్షన్ రాస్తే ఇలా ఉంటుంది: 'దక్షిణ సూడాన్‌లోని ఆయోద్‌లో ఆహార కేంద్రానికి దగ్గర్లో తీవ్ర పోషకాహార లోపంతో ఉన్న చిన్నారి, వెనక కొంత దూరంలో రాబందు. తిరుగుబాటు వర్గాల పోరు వల్ల ఈ ప్రాంతంలో ఆకలి చావులు సంభవిస్తున్నాయి. ఫొటో తీశాక పక్షిని తరిమేసినట్టు ఫొటోగ్రాఫర్ చెప్పారు.' గుండెని అంతగా పిండేయదు. కానీ ఇందులోని ప్రతి మాటకీ ఆధారం ఉంది.

క్రాప్: ఒకే ఫొటో, రెండు అబద్ధాలు

ఇప్పటిదాకా చూసింది మాటలు చేసే పని. కత్తెర పని ఇంకా సూటిగా ఉంటుంది. దీనికి బాగా పనికొచ్చే ఉదాహరణ 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైన రోజుల నాటిది. అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ ఇట్సువో ఇనౌయె తీసిన ఫొటో.

మధ్యలో పట్టుబడ్డ ఇరాకీ సైనికుడు. ఒకపక్క ఒక అమెరికా సైనికుడి తుపాకీ గొట్టం అతని తలకి దగ్గరగా ఉంది. ఇంకోపక్క మరో అమెరికా సైనికుడు నీళ్ల సీసా ఎత్తి అతనికి తాగిస్తున్నాడు. ఈ రెండూ ఒకే క్షణంలో జరిగాయి.

ఇప్పుడు నీళ్ల సీసా ఉన్న వైపు కత్తిరించండి. బందీ తల పక్కన తుపాకీ, అంతే. 'అమెరికా దౌర్జన్యం' అని రాస్తే ఎవరైనా నమ్ముతారు. తుపాకీ ఉన్న వైపు కత్తిరించండి. శత్రువుకి కూడా నీళ్లిస్తున్న దయగల సైనికుడు. 'అమెరికా మానవత్వం' అని రాసినా నమ్ముతారు. రెండు ముక్కల్లోనూ ఒక్క పిక్సెల్ కూడా మార్చలేదు. రెండూ 'అసలు ఫొటో'లే. పూర్తి ఫొటోని, రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టిన బొమ్మ అందుకే ఇంటర్నెట్‌లో అంతగా తిరిగింది.

కత్తిరించిన ఫొటోని పట్టుకోవడం అందుకే కష్టం. మార్ఫింగ్ చేస్తే వెలుతురు, నీడ, అంచుల్లో తేడా దొరకొచ్చు. క్రాప్ చేస్తే ఆ ఆనవాళ్లేవీ ఉండవు. తీసేసింది తీసేసినట్టే, ఉన్నది ఉన్నట్టే.

మీ ఫోన్ కూడా క్రాప్ చేస్తోంది

క్రాప్ అంటే ఎవరో కావాలని చేసే కుట్రే కానక్కర్లేదు. చిన్న లెక్క చూద్దాం. న్యూస్ ఫొటోగ్రాఫర్లు వాడే కెమెరాల్లో ఫ్రేమ్ సాధారణంగా 3:2 నిష్పత్తిలో ఉంటుంది. అంటే 3000 పిక్సెల్స్ వెడల్పు ఉంటే 2000 ఎత్తు. దాన్నే రీల్‌లో లేదా షార్ట్‌లో నిలువుగా, 9:16లో స్క్రీన్ నిండా పెట్టాలంటే 2000 ఎత్తుకి సరిపోయే వెడల్పు 1125 పిక్సెల్సే. మిగతా 1875 పోతాయి. అంటే ఫొటోలో 62.5 శాతం, సగానికి పైనే, కనిపించదు.

ఇరాక్ ఫొటో లాంటిదాన్ని ఇలా నిలువుగా కోస్తే ముగ్గురూ పట్టడం కష్టం. ఎడిటర్‌కి ఏ దురుద్దేశం లేకపోయినా ఎవరో ఒకరు బయటికి పోవాల్సిందే. అదే ఫొటో టీవీలో 16:9లో వస్తే పోయేది 16 శాతం లోపే, అదీ పైనా కిందా.

కాబట్టి రీల్ చూసేటప్పుడు ఒక గుర్తు పెట్టుకోవచ్చు. అడ్డంగా తీసిన పాత యుద్ధం ఫొటో స్క్రీన్ మొత్తం నిండిపోయి కనిపిస్తుంటే దాని పక్కలు తెగిపోయినట్టే. మధ్యలో అడ్డంగా ఫొటో ఉండి, పైనా కిందా మసకగా నింపి ఉంటే పూర్తి ఫ్రేమ్ దొరికే అవకాశం ఎక్కువ.

నాపామ్ ఫొటో: ఎవరి విమానం? ఎవరి ఫొటో?

వియత్నాం యుద్ధం అనగానే గుర్తొచ్చే ఫొటో, రోడ్డు మీద ఒంటి మీద బట్టల్లేకుండా ఏడుస్తూ పరుగెత్తే తొమ్మిదేళ్ల అమ్మాయిది. 1972 జూన్ 8న ట్రాంగ్ బాంగ్ దగ్గర తీసింది. ఇందులో క్రాప్, క్యాప్షన్ రెండూ ఉన్నాయి.

పత్రికల్లో వచ్చింది పూర్తి ఫ్రేమ్ కాదు. కుడివైపు కొంత కత్తిరించారు. పూర్తి ఫ్రేమ్‌లో ఆ పక్కన సైనిక దుస్తుల్లాంటివి వేసుకున్న ఒక వ్యక్తి తల వంచుకుని కెమెరాలో ఫిల్మ్ చూసుకుంటూ కనిపిస్తాడు. అతను లేకపోతే ఫొటోలో ఉండేది పిల్లలు, వెనక నడిచొస్తున్న సైనికులు. అతను ఉంటే, ఆ రోడ్డు మీద విలేకర్లు కూడా ఉన్నారని తెలుస్తుంది. నిజంగానే ఉన్నారు. అమ్మాయికి నీళ్లు తాగించి, కాలిన ఒంటి మీద పోసింది వాళ్లే.

క్యాప్షన్ సంగతి ఇంకా ముఖ్యం. ఆ బాంబులు వేసింది అమెరికా విమానమని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. వేసింది దక్షిణ వియత్నాం వైమానిక దళం విమానం, పొరపాటున సొంత వాళ్ల మీదే వేసింది. మొదటి రోజు వార్తల్లో ఇది ఉంది. తర్వాత ఫొటో ఒంటరిగా తిరిగేకొద్దీ ఆ వాక్యం రాలిపోయింది. అయితే దక్షిణ వియత్నాంకి ఆ ఆయుధాలు, విమానాలు ఇచ్చింది అమెరికాయే. కాబట్టి ఈ సవరణ అమెరికాని బాధ్యత నుంచి తప్పించదు. అసలు జరిగింది ఏంటో మాత్రం చెబుతుంది.

ఇప్పుడు ఫొటో కింద ఉండే పేరు మీద కూడా వివాదం నడుస్తోంది. 50 ఏళ్లకి పైగా అది నిక్ ఉట్ తీసిన ఫొటో. వేరే ఫొటోగ్రాఫర్ తీసి ఉండొచ్చని 2025లో ఒక డాక్యుమెంటరీ వాదించింది. అసోసియేటెడ్ ప్రెస్ విచారణ జరిపి, పేరు మార్చడానికి తగిన ఆధారం లేదంటూ నిక్ ఉట్ పేరునే కొనసాగించింది. వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ మాత్రం 2025 మేలో ఆయన పేరుని పక్కన పెట్టింది.

మన సీమ కరువు.. బెంగాల్ పేరుతో

ఈ మొత్తం వ్యవహారంలో తెలుగు వాళ్లకి నేరుగా తగిలే ముక్క ఒకటి ఉంది. సోషల్ మీడియాలో '1943 బెంగాల్ కరువు' అని తరచూ కనిపించే ఫొటోల్లో ఒక రకం ఉంటుంది. గోధుమ రంగు, ఎముకలు తేలిన పెద్దలూ పిల్లలూ గుంపుగా, కదలకుండా కెమెరా ముందు కూర్చుని ఉంటారు. వాటిలో చాలావాటికి బెంగాల్‌తో సంబంధం లేదు. అవి 1876-78 నాటి మద్రాసు ప్రెసిడెన్సీ కరువు ఫొటోలు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చేసిన కరువు అది. మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకున్నది దాన్నే.

తీసింది విలోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైన్యం అధికారి. అప్పటి కెమెరాకి మనుషులు కాసేపు కదలకుండా ఉండాలి. అందుకే ఆయన వాళ్లని వరసగా కూర్చోబెట్టి తీశాడు. ఫొటో తీసుకుని, తిండి పెట్టకుండానే పంపేశాడన్న ఆరోపణ కూడా ఉంది.

ఆ ఫొటోల్లోని మనుషులకి పేర్లు లేవు, ఊళ్లు లేవు. దయకి పాత్రులైన దీనులుగా మాత్రమే కనిపిస్తారు. ఫొటోలో లేని సంగతులు ఇవి: అదే సమయంలో మద్రాసు రేవు నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. కరువు పనికి వచ్చిన కూలీకి ఇచ్చే తిండిని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకి ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం లెక్కకి తగ్గించాడు. ఈ రెండు వాక్యాలు క్యాప్షన్‌లో ఉంటే చూసేవాళ్ల కోపం ఆకాశం మీద కాకుండా ఆఫీసుల మీదకి మళ్లేది.

ఇక 1943 అని రాయడం వల్ల ఏం పోతుంది? బెంగాల్ కరువుకి సొంత ఫొటోలున్నాయి. 1943 ఆగస్టు 22న కలకత్తా పత్రిక స్టేట్స్‌మన్, ఎడిటర్ ఇయాన్ స్టీఫెన్స్ నిర్ణయంతో వీధుల్లో పడి ఉన్న బాధితుల ఫొటోలు వేసి, ప్రభుత్వం దాస్తున్నదాన్ని బయటపెట్టింది. సునీల్ జానా తీసిన ఫొటోలూ ఉన్నాయి. 1877 ఫొటోకి 1943 అని రాస్తే బెంగాల్ సాక్ష్యాన్ని పక్కకి నెట్టినట్టూ అవుతుంది, సీమ కరువుని చరిత్రలోంచి తుడిచేసినట్టూ అవుతుంది. పైగా ఎవరైనా ఆ తప్పు పట్టుకుంటే, 'చూశారా, ఫొటోలే అబద్ధం, కరువే అబద్ధం' అనడానికి దారి దొరుకుతుంది.

తేడా ఎలా తెలుస్తుంది? 1943 నాటికి చేతిలో పట్టే కెమెరాలు, ఫిల్మ్ రోల్స్ వచ్చేశాయి. కలకత్తా ఫొటోల్లో పేవ్‌మెంట్లు, ట్రామ్ పట్టాలు, నడిచిపోయే జనం కనిపించే అవకాశం ఎక్కువ. గోధుమ రంగులో, అందరూ కెమెరా వైపు తిరిగి బొమ్మల్లా కూర్చుని ఉంటే తేదీ మీద అనుమానం రావాలి.

ఫార్వర్డ్ చేసే ముందు ఏం చూడాలి?

1. క్యాప్షన్‌లో ఎక్కడ, ఎప్పుడు ఉన్నాయా? న్యూస్ ఏజెన్సీ క్యాప్షన్‌లో మొదటి వాక్యం ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ తేదీ అని చెబుతుంది. రెండో వాక్యం నేపథ్యం చెబుతుంది. చివర ఫొటోగ్రాఫర్ పేరు. వీటిలో తేదీ, ఊరు లేకుండా ఏడిపించే మాటలు మాత్రమే ఉంటే అది ఎవరో తర్వాత అతికించిన క్యాప్షన్ అయ్యే అవకాశం ఎక్కువ.

2. కనిపించేది ఏది, చెప్పింది ఏది? క్యాప్షన్‌లోని క్రియల్ని విడదీయండి. 'కూర్చుంది', 'పట్టుకున్నాడు' లాంటివి కంటికి దొరుకుతాయి. 'ఎదురు చూసింది', 'వదిలేశారు', 'బెదిరించాడు' లాంటివి దొరకవు. వాటికి ఫొటో సాక్ష్యం కాదు, వేరే ఆధారం కావాలి.

3. అంచులు చూడండి. సగం తెగిన చెయ్యి, మనిషి లేని నీడ, ఫొటోలో అందరూ బయటికి ఒకేవైపు చూడటం. ఇవి క్రాప్‌కి గుర్తులు కావచ్చు. కానీ తీసినప్పుడే ఫ్రేమ్ అలా ఉండి ఉండొచ్చు కూడా. పూర్తి ఫ్రేమ్ దొరికితే తప్ప తేల్చలేం.

4. గూగుల్ లెన్స్‌లో వెతకండి. స్క్రీన్‌షాట్ పెట్టి వెతికితే అదే ఫొటో ఇంకా ఎక్కడెక్కడ ఉందో వస్తుంది. అన్నిటికన్నా పాతదీ, అన్నిటికన్నా వెడల్పుదీ రెండూ తెరిచి చూడండి. పాతది అసలు తేదీని, వెడల్పుది తెగిపోయిన భాగాన్ని పట్టిస్తాయి. ఫొటో ఫైల్ లోపల ఉండే తేదీ, కెమెరా వివరాలు వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు పోతాయి కాబట్టి ఫార్వర్డ్ అయిన ఫైల్‌లో వాటికోసం వెతికినా దొరకవు.

5. తప్పు క్యాప్షన్ అంటే తప్పు ఫొటో కాదు. ఆయోద్ బిడ్డ బతికాడని తెలిసినంత మాత్రాన అక్కడ ఆకలి లేదని కాదు. ఆ ఫొటోని ఎవరూ సృష్టించలేదు. ఆ బిడ్డ చేతి పట్టీయే తీవ్ర పోషకాహార లోపం అని చెబుతోంది. ఫార్వర్డ్ చెప్పిన కథలో తేలిపోయింది ఒంటరితనం, చావు, ఆ మాటల సంభాషణ. తేలిపోనిది ఆకలి, దాని వెనకున్న యుద్ధం.